గోడలో నీళ్ళు, మన మనసులో అనుమానం

బళేపేటలోని మన భవనంలో గోడ ఎందుకు తడిసిందని చాలామంది అడుగుతున్నారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాం. మన తప్పు కూడా ఇందులో ఉంది.

కింద పట్టుచీరల అంగడి వెనక గోడ రెండు నెలలుగా చెమ్మగిల్లుతోంది. నాలుగు చీరలకు మరకలు పడ్డాయి. మధ్య అంతస్తు మన ఆఫీసు. రెండో అంతస్తులో పాతికేళ్ళుగా బాడుగకున్న పెద్దమ్మ. పై నీళ్ళే కిందికి వస్తాయి కదా అని అందరం ఆమె స్నానాలగది వైపే చూశాం. బాగుచేయించుకోండి, లేకపోతే ఖాళీ చేయండి అని కాగితం కూడా ఇచ్చాం. ఆమె ఒక్కటే అడిగింది: "నాయనా, పది రోజులు నేను ఊళ్ళో లేను. అప్పుడు గోడ ఆరిందా?"

ఆరలేదు. ఆ మాట మమ్మల్ని ఆపింది. స్నానాలగది నేల నుంచి గానీ, వాడిన నీళ్ళు పోయే పైపు నుంచి గానీ కారితే, వాడినప్పుడే చెమ్మ పెరగాలి. ఎవరూ లేనప్పుడూ తడి ఆగలేదంటే, ఎప్పుడూ నీళ్ళు నిండి ఉండే పైపును అనుమానించాలి.

ఆ రాత్రి పదింటికి కొళాయిలన్నీ కట్టేసి, ఫ్లష్ ట్యాంకుల వాల్వులు మూసి, మిద్దె మీది ట్యాంకులో నీటి మట్టానికి గీత పెట్టాం. పొద్దున ఆరింటికి నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. మా ట్యాంకు వెడల్పుకు అది దాదాపు 38 లీటర్లు. నిమిషానికి అరగ్లాసు కూడా కాదు గానీ, గోడ తడపడానికి చాలు. మరుసటి రాత్రి ట్యాంకు దగ్గరి వాల్వు మూశాం. మట్టం దాదాపు కదల్లేదు. అంటే ట్యాంకు బాగుంది, లోపం పైపులోనే.

మూడో రాత్రి పన్నెండు దాటాక, బజారు సద్దు మణిగాక, ఫ్యాన్లు ఆపి విన్నాం. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన కొళాయికి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు నొక్కితే చాలు. సన్నగా 'సుయ్' మని వినిపించింది. కానీ అంగడిలోనూ ఆఫీసులోనూ ఒకేలా వినిపించింది. ఇనప పైపు శబ్దాన్ని దూరం మోస్తుంది కాబట్టి లీకు ఉందని తెలిసింది, ఎక్కడని తెలియలేదు. ప్లాస్టిక్ పైపైతే ఈ మాత్రం కూడా వినపడేది కాదు.

అప్పుడు ప్లంబర్ చేతి టెస్టింగ్ పంపు తెచ్చాడు. గేజు ఉన్న చిన్న పంపు అది. ఒక్కో అంతస్తు లైను వేరు చేసి, కొళాయిలు విప్పి ప్లగ్గులు బిగించి, గాలంతా పోయేదాకా నీళ్ళు వదిలి, 3 కేజీల ఒత్తిడి ఎక్కించాం. ట్యాంకు ఎత్తుకు కింది అంతస్తులో మామూలుగా ఉండేది ఒక కేజీ లోపే. పాత పైపు కాబట్టి 3 దాటించలేదు.

మొదట మూడు అంతస్తుల్లోనూ ముల్లు పడిపోయింది! మూడు లీకులా అని గుండె జారింది. కాదు. పాత గేట్ వాల్వులు మూసినా పూర్తిగా మూసుకోవట్లేదు, నీళ్ళు వాటిని దాటి పోతున్నాయి. వాల్వును నమ్మకుండా యూనియన్ విప్పి, అక్కడా ప్లగ్గు బిగించాం. ఈసారి పెద్దమ్మ లైను అరగంటైనా 3 మీదే నిలిచింది. అంగడి లైనూ నిలిచింది. మన ఆఫీసు లైను చూస్తుండగానే 1కి దిగింది.

పంపు కొడుతూ ఒత్తిడి నిలిపి, ఆఫీసు గోడ మీద అడుగడుగునా మళ్ళీ విన్నాం. ఒత్తిడి పెరిగితే చప్పుడూ పెరుగుతుంది. రిజిస్టర్ల బీరువా జరిపి విన్నచోట అన్నింటికన్నా గట్టిగా ఉంది. సుద్దముక్కతో గీత పెట్టి, అడుగు చదరం మాత్రమే గచ్చు కొట్టించాం. ఎన్నడో టీ గిన్నెలు కడగడానికని మనమే వేయించి, తర్వాత మూసేసిన సింకు లైను అది. ఎల్బో మరల దగ్గర తుప్పు తిని, సూది బెజ్జం పడింది. అక్కడ కారిన నీళ్ళు పైపు వెంటే జారి, అంగడి గోడలో బయటపడుతున్నాయి. తడి కనిపించినచోట తవ్వి ఉంటే గోడంతా పోయేది, లీకు దొరికేది కాదు.

ఆ లైను కోసి ప్లగ్గు వేశాం. మళ్ళీ 3 కేజీలు ఎక్కించి, అరగంట చూశాకే గోడ పూడ్చాం.

పాడైన చీరల ఖర్చు సంఘమే పెట్టుకుంటుంది. ఇచ్చిన కాగితం వెనక్కి తీసుకుని, అందరం పైకెళ్ళి పెద్దమ్మను క్షమించమన్నాం. "గోడ చెప్పింది విన్నారు, మంచిదే. ముందు నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా," అని కాఫీ ఇచ్చింది.