అమ్మీ చలి, సిగ్డీ నిప్పు

అబ్బా ఇంతెఖాల్ తర్వాత అమ్మీ గడప దాటలేదు. ఇద్దత్ ముగిసి ఆర్నెల్లయినా అంతే. ఒకరోజు ఉన్నట్టుండి, "చిన్నప్పుడు సెహన్‌లో నులకమంచాల మీద పడుకుని తారలు లెక్కపెట్టేవాళ్లం బేటా" అంది. పిల్లలు ఎప్పట్నుంచో అడుగుతున్న క్యాంపింగ్‌కి అమ్మీని కూడా తీసుకెళ్లాలని ఆ రోజే ఇరాదా చేసుకున్నాను.

అమ్మీకి మోకాళ్ల నొప్పులు. నేల మీద కూర్చోలేదు, రాత్రి రెండుసార్లు లేస్తుంది. అందుకే జగా వెతికేటప్పుడు నేను అడిగింది వ్యూ గురించి కాదు. వెస్టర్న్ టాయ్‌లెట్ టెంట్‌కి ఎన్ని అడుగుల దూరం? దారిలో లైటు ఉందా? కారు ఎక్కడిదాకా వస్తుంది? ఒకచోట "అంతా నేచరే కదా సార్" అన్నారు. ఖుదాహాఫిజ్ చెప్పేశాను. చివరికి వికారాబాద్ దగ్గర, అనంతగిరి వైపు ఒక తోట కుదిరింది. టాయ్‌లెట్ నలభై అడుగులు. శనివారం రాత్రి పాటల షోర్ ఉంటుందని మంగళవారం ఎంచుకున్నాం.

మౌసం డిసెంబర్. వానాకాలం బురదలో అమ్మీ నడవలేదు. ఎండాకాలం పొద్దెక్కితే టెంట్ తందూర్ అవుతుంది.

వారం ముందు పక్కింటివాళ్ల టెంట్ అడిగి మిద్దె మీద ఒక రాత్రి పడుకుని చూశాం. 'నలుగురి టెంట్' అంటే ఇద్దరు పెద్దలు, ఒక పిల్లాడు అని అప్పుడే తెలిసింది. చలికి జిప్పులన్నీ బిగిస్తే ఫజర్‌కల్లా రజాయి తడిసింది. పైనుంచి మంచు కారిందనుకున్నాం. కాదు, మా ఊపిరే లోపల నీళ్లయింది. పైన కిటికీ కాస్త తెరిచి ఉంచాలన్నమాట. ఇంకొకటి, చలి కిందనుంచే ఎక్కువ కొడుతుంది. రజాయిలు ఎన్ని కప్పుకున్నా ఫాయిదా లేదు. అందుకే తోటలో టార్పాలిన్, దాని మీద రెండు షత్రంజీలు, ఆపైన పరుపు వేశాం. అమ్మీకి మడత మంచం, దాని మీద కూడా మందమైన బొంత. వాగు పక్కన పల్లంలో చల్లగాలి దిగుతుందని, కాస్త ఎత్తులో చదునైన చోటు అడిగి తీసుకున్నాం.

ఇషా అయ్యాక కబాబుల సిగ్డీని మావాడు మెల్లగా టెంట్‌లోకి లాక్కెళ్తున్నాడు. "దాదీకి చలిగా ఉంది అబ్బూ, పొగ కూడా లేదు." నా గుండె ఆగినంత పనైంది. పొగ లేని బొగ్గు నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. కిటికీ తెరిచి ఉంచినా భరోసా లేదు. సిగ్డీని బయటికి లాగి నీళ్లు పోసి ఆర్పాను. వేడినీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి అమ్మీ పాదాల దగ్గర పెట్టాను.

ఫజర్‌కి లేచి చూస్తే మంచం ఖాళీ! బయట కుర్చీలో నమాజ్ ముగించి, ఆకాశం చూస్తూ కూర్చుంది.

"మీ అబ్బా ఉంటే ఈపాటికి చాయ్ అడిగేవారు" అంది.

నేను సిగ్డీ మళ్లీ వెలిగించాను, బయటే.