హాలు బయటికి వచ్చే కాగితం

న్యూజెర్సీలో పిల్లల్ని చెస్ టోర్నమెంట్లకు తిప్పే అమ్మలందరికీ స్కూలు కెఫెటేరియాలు బాగా పరిచయం. ఆటలు మొదలవగానే తల్లిదండ్రుల్ని హాల్లోంచి పంపించేస్తారు. పులిహోర డబ్బా, ఫ్లాస్కులో కాఫీ, ఫోను ఛార్జరు పట్టుకుని బయట కూర్చోవడమే. గంట తర్వాత పిల్ల వచ్చి "ఓడిపోయా" అనో "డ్రా" అనో అంటుంది. ఎలా జరిగింది తల్లీ అంటే "ఏమో, గుర్తులేదు". లోపల జరిగిన దాంట్లో మన చేతికి వచ్చేది ఒక్క స్కోర్‌షీటే.

నేను చెస్ నేర్చుకున్నది మా తాతగారి దగ్గర. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు. ఎత్తులు కాగితం మీద రాయడమన్న మాటే మాకు తెలియదు. మా అమ్మాయి ఆడటం మొదలుపెట్టాక, రాత్రి ఇంట్లో బోర్డు పరిచి తన స్కోర్‌షీటు చూస్తూ ఆటను మళ్ళీ ఆడించడం నాకు అలవాటైంది. అలా చదవగా చదవగా ఒక సంగతి అర్థమైంది. రాసే పిల్లకు బోర్డు ఎదురుగా ఉంటుంది కాబట్టి తనకంతా స్పష్టమే. చదివేవాళ్ళకు కాగితం తప్ప ఇంకేమీ ఉండదు. ఏ గుర్తు అవసరమో, ఏది లేకపోయినా ఫరవాలేదో ఈ చదివేవాళ్ళ వైపు నుంచి చూస్తే తేలిపోతుంది.

మొదలు చాలా సులువు. తెల్లపావులు ఆడేవాళ్ళ ఎడమ నుంచి కుడికి నిలువు వరసలు a నుంచి h వరకు. వాళ్ళ దగ్గర నుంచి ఎదుటివాళ్ళ వైపు అడ్డవరసలు 1 నుంచి 8 వరకు. నల్లపావులు ఆడేవాళ్ళకూ ఇవే పేర్లు, తిప్పి లెక్కపెట్టకూడదు. రాజు K, మంత్రి Q, ఏనుగు R, శకటు B. K రాజుగారు తీసేసుకున్నారు కాబట్టి గుర్రానికి N మిగిలింది. బంటుకు అక్షరమే లేదు, వెళ్ళిన గడి పేరు రాస్తే చాలు. చంపితే x. బంటు చంపినప్పుడు మాత్రం అది ఏ నిలువు వరస నుంచి వచ్చిందో ముందు రాయాలి, dxe5 లాగా. (లైబ్రరీ అమ్మకాల్లో దొరికే పాత అమెరికన్ పుస్తకాల్లో P-K4 లాంటివి కనిపిస్తే కంగారుపడకండి. అది పాత పద్ధతి, అందులో ఎవరి వైపు నుంచి వాళ్ళు లెక్కపెట్టుకుంటారు.)

మిగతాది చెప్పడానికి ఒక పాత ఆట తీసుకుంటాను. 1858లో పారిస్ ఒపేరాలో, న్యూ ఆర్లియన్స్ నుంచి వెళ్ళిన 21 ఏళ్ళ పాల్ మోర్ఫీ తెల్లపావులతో ఆడాడు. ఎదుట బ్రన్స్‌విక్ డ్యూక్, ఇంకో కౌంట్ కలిసి ఆడారు. మొత్తం 17 ఎత్తులే. వీలైతే బోర్డు తెచ్చుకుని కూర్చోండి, పది నిమిషాల పని.

```
1. e4 e5       2. Nf3 d6
3. d4 Bg4      4. dxe5 Bxf3
5. Qxf3 dxe5   6. Bc4 Nf6
7. Qb3 Qe7     8. Nc3 c6
9. Bg5 b5      10. Nxb5 cxb5
11. Bxb5+ Nbd7 12. O-O-O Rd8
```

11వ ఎత్తు దగ్గర ఆగండి. తెల్ల శకటు నల్ల రాజుకు చెక్ పెట్టింది. నల్లవాళ్ళు d7లో గుర్రాన్ని అడ్డం పెట్టారు. కానీ ఆ గడికి రెండు గుర్రాలూ రాగలవు, b8లోది, f6లోది. అందుకే వట్టి Nd7 సరిపోదు. ఏ నిలువు వరసలోది కదిలిందో మధ్యలో చెప్పాలి: Nbd7.

ఆ b రాయలేదనుకుందాం. చదివేవాళ్ళు f6 గుర్రాన్ని జరిపారనుకుందాం. తప్పు అక్కడే తెలియదు, ఎందుకంటే ఆ ఎత్తు కూడా ఆడదగ్గదే. తర్వాతి నల్ల ఎత్తు Rd8 దగ్గర బయటపడుతుంది. a8 ఏనుగు d8కి పోవాలంటే దారిలో b8 గుర్రం ఇంకా అక్కడే కూర్చుని ఉంది. h8 ఏనుగుకు f8లో శకటు అడ్డం. ఏ ఏనుగూ రాలేదు! ఇలా కాగితం మీద ఉన్న ఎత్తు బోర్డు మీద కుదరకపోతే, తప్పు ఆ ఎత్తులో కాక అంతకు ముందెక్కడో ఉండే అవకాశమే ఎక్కువ. నేను వెంటనే వెనక్కి వెళ్ళి, రెండు పావులు వెళ్ళగలిగిన గడి ఏదైనా ఉందా అని వెతుకుతాను.

అదే Rd8ని ఇంకోసారి చూడండి. నల్లవాళ్ళకు రెండు ఏనుగులున్నా Rad8 అని రాయలేదు. f8లో శకటు ఉన్నంతసేపు h8 ఏనుగు d8కి రాలేదు, కాబట్టి అనుమానానికి తావే లేదు. పిల్లలు ఒకసారి ఈ గుర్తు నేర్చుకున్నాక జాగ్రత్త కోసం ప్రతిచోటా పెడతారు. పెట్టినా ఆట పాడైపోదు, చదవడానికి కాస్త బరువు, అంతే. మానేయడం కన్నా ఎక్కువ రాయడమే నయమని నా అభిప్రాయం. రెండో పావు కదిలితే తన రాజుకు చెక్ పడేలా ఇరుక్కుని ఉన్నప్పుడూ అంతే, అది కదలలేదు కాబట్టి గుర్తు అక్కర్లేదు.

రెండు పావులూ ఒకే నిలువు వరసలో ఉంటే అక్షరం సాయం చేయదు. e1లో ఒక ఏనుగు, e5లో ఒకటి, రెండూ e3కి రాగలవు. అప్పుడు అడ్డవరస అంకె రాయాలి: R1e3. ముందు అక్షరం, అది తేల్చకపోతేనే అంకె.

ఇప్పుడు 12వ ఎత్తు. మోర్ఫీ రాజుకు కోట కట్టాడు. మంత్రి వైపు కడితే మూడు సున్నాలు, రాజు వైపు కడితే రెండు. అచ్చులో కొందరు O అక్షరం, కొందరు 0 అంకె వాడతారు, చేత్తో రాస్తే రెండూ గుండ్రమే. ఈ ఆటలో ఆ క్షణాన మోర్ఫీ ఏ వైపైనా కట్టగలడు. ఒక సున్నా తగ్గించి O-O అని రాసి ఉంటే రాజు g1లో, ఏనుగు f1లో ఉంటాయి. తర్వాతి ఎత్తు Rxd7 ఆడటానికి d వరసలో ఏనుగే ఉండదు. కొత్తగా ఆడే పిల్లలు ఇక్కడ ఇంకో పని చేస్తారు. రాజు కదలిక ఒక గడిలో, ఏనుగు కదలిక పక్క గడిలో రాసేస్తారు. ఆ పక్క గడి ఎదుటివాళ్ళ ఎత్తుది. అక్కడి నుంచి తెల్ల ఎత్తులు నల్ల వరసలోకి, నల్లవి తెల్ల వరసలోకి జారిపోతాయి.

మోర్ఫీ ముగింపు Qb8+ Nxb8, ఆఖరికి Rd8#. మంత్రినే ఇచ్చేసి ఏనుగుతో మేట్. ఆ + చెక్‌కి, # మేట్‌కి. ఇవి రాస్తే బాగుంటుంది గానీ రాయకపోయినా ఆటను పేర్చుకోవచ్చు, ఎందుకంటే బోర్డే చెబుతుంది. Nbd7లో b అలా కాదు.

ఆ ఒక్క అక్షరం విలువ పోయిన శీతాకాలం మా ఇంటికి బాగా తెలిసింది. మా అమ్మాయి ఒక బంటు తక్కువతో ఆడుతోంది. ఎదుటి బాబు గెలిచే దారి దొరక్క పావుల్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. అదే స్థితి, అదే వ్యక్తి వంతు మూడోసారి వస్తే డ్రా అడగవచ్చు. తను గడియారం ఆపి చెయ్యెత్తింది. ఆ బాబు ఒప్పుకోలేదు, రెండుసార్లే వచ్చిందన్నాడు. టోర్నమెంట్ డైరెక్టరు మా అమ్మాయి షీటు తీసుకుని వేరే బోర్డు మీద మొదటి నుంచి ఆడిస్తూ వచ్చాడు. 14వ ఎత్తు దగ్గర ఆగిపోయాడు. Rd1 అని ఉంది. అప్పటికి తన ఏనుగులు a1లో ఒకటి, f1లో ఒకటి, మధ్యలో దారి ఖాళీ. "ఏ ఏనుగు?" అంటే తనకు గుర్తులేదు. నిజంగా మూడుసార్లు వచ్చిందా అన్నది తేలాలంటే ప్రతి పావూ దాని గడిలో ఉండాలి కదా. అప్పుడు బాబు షీటు అడిగారు. అందులో గుండ్రటి అక్షరాలతో Rfd1 అని ఉంది. అక్కడి నుంచి ఆట సాఫీగా నడిచి, స్థితి మూడుసార్లు వచ్చిందని తేలింది. అర పాయింటు వచ్చింది, అదీ ఎదుటివాడి చక్కటి రాత వల్ల! ఆ బాబు ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ షీటు ఇవ్వనని మాత్రం అనలేదు. వాళ్ళమ్మని వెతికి మరీ ఆ మాట చెప్పి వచ్చాను.

బంటు చివరి వరసకు చేరినప్పుడు కూడా చదివేవాళ్ళు ఊహించలేరు. e8 అని వదిలేస్తే అది మంత్రి అయిందా, గుర్రం అయిందా? అమెరికాలో e8=Q అని రాస్తారు. అంతర్జాతీయ నియమాల పుస్తకంలో = ఉండదు, e8Q. రెండూ ఒకటే. చంపుతూ చేరి, గుర్రమై చెక్ పెడితే exd8=N+. ఇక్కడ ఒక చిక్కు ఉంది. రెండో మంత్రి దొరక్కపోతే పిల్లలు ఏనుగును తలకిందులుగా పెడతారు. యూఎస్ చెస్ నియమాల్లో, వేరేగా చెప్పకపోతే, అది మంత్రిగానే లెక్క. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఆడే టోర్నమెంటులో మాత్రం తలకిందులైనా అది ఏనుగే. అందుకని గడియారం ఆపి డైరెక్టరును మంత్రి అడగడం మంచిది. కాగితం మీద =Q ఉన్నా, బోర్డు మీద పెట్టిన పావును అది మార్చలేదు.

ఇక చేతిరాత. మన తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు. నోటేషన్‌లో B అంటే శకటు, b అంటే నిలువు వరస. Bxc6, bxc6 పూర్తిగా వేరు ఎత్తులు. చిన్న bని 6లా, aని dలా, cని eలా రాసే పిల్లలు లెక్కలేనంతమంది. మా అమ్మాయికి b పొడుగు గీతను పై గీతకు తాకేలా రాయమని, cని విశాలంగా తెరిచి ఉంచమని చెప్పాను.

ఇంకొకటి, గడియారంలో అయిదు నిమిషాల కన్నా తక్కువ మిగిలితే సాధారణంగా యూఎస్ చెస్ నియమాల్లో రాయడం ఆపేయవచ్చు. ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు కలిసే ఆటల్లో మాత్రం చివరిదాకా రాయాల్సిందే. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మన గుడివాడ అమ్మాయి కోనేరు హంపి ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచినప్పుడు, అలాంటి వేగపు ఆటల్లో అసలు రాయనక్కరలేదని తెలిసి మా అమ్మాయి "నేనూ ర్యాపిడే ఆడతా" అంది. సరేనన్నాను. ఈ శనివారం మాత్రం గంట ఆట, కొత్త పెన్ను కొనిపెట్టాను.