కాంటా దిగిన తర్వాత...

ఏటా వానాకాలం సాగు మొదలయ్యే ముందు ఢిల్లీ నుంచి ఒక ప్రకటన వస్తుంది. ఏ పంటకు ఈసారి మద్దతు ధర ఎంతో అందులో ఉంటుంది. కేంద్రం రెండు సీజన్లకూ కలిపి ఇరవైకి పైగా పంటలకు ధర చెబుతుంది. వరి, జొన్న, మక్క, కంది, పత్తి... పెద్ద జాబితానే. పేపర్లో చదివితే ప్రతి పంటకూ ఒక భరోసా దొరికినట్టే అనిపిస్తుంది.

కానీ ఆసిఫాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో రైతులు ఆ జాబితాను వేరేగా చదువుతారు. ధర ఎంత అని కాదు, ‘కొనేటోళ్లు వస్తరా’ అని చూస్తారు. కొనేవాడు లేని ధర గోడ మీద రాత లాంటిది. ఇక్కడ చాన్నాళ్లుగా నికరంగా కొంటున్నవి రెండే. ఒకటి పత్తి, దాన్ని భారత పత్తి సంస్థ కొంటుంది. రెండోది వడ్లు, వాటిని ఊళ్లోనే కొనుగోలు కేంద్రం పెట్టి ప్రభుత్వం కొంటుంది. తాతల కాలం నుంచి ఈ నేల తిన్న జొన్న మాత్రం చాలా ఏళ్లు ధర ఉండి కూడా కొనే దిక్కులేక మార్కెట్లో వ్యాపారి దయ మీద బతికింది.

పెద్దవాగు మీద ఆడ గ్రామం దగ్గర కట్టిన కుమురం భీం ప్రాజెక్టు నీళ్లో, బోరు నీళ్లో అందినచోట రైతు ఏం వేస్తాడు మరి? 2022 యాసంగి నాటి లెక్క చూడండి. జొన్న మద్దతు ధర క్వింటాకు 2,738 రూపాయలు. ఏ గ్రేడు వడ్ల ధర 1,960. చూడ్డానికి జొన్నదే పైచేయి. కానీ రెండెకరాల్లో వడ్లు 44 క్వింటాళ్లు పండితే 86,240 రూపాయలు. అదే నేలలో జొన్న 18 క్వింటాళ్లు వస్తే 49,284. అదీ ఎవరైనా ఆ ధరకు కొంటేనే! వరికి పెట్టుబడి ఎక్కువే. అయినా అమ్ముడవుతుందన్న ధీమా ముందు ఆ తేడా చిన్నదైపోతుంది. ధర చేసే మొదటి పని ఇదే. రైతును కాపాడటం కన్నా ముందు, ఏం విత్తాలో అది నేర్పేస్తుంది.

రాష్ట్రమంతా అదే పాఠం నేర్చుకుంది. 2014-15లో తెలంగాణలో ప్రభుత్వం కొన్న వడ్లు 24 లక్షల టన్నులు. నీళ్లు పెరిగాయి, 2018 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. 2020-21 నాటికి కొన్నది 141 లక్షల టన్నులకు చేరింది. ఆరేళ్లలో ఆరింతలకు దగ్గర! తినేవాళ్లు మాత్రం ఆరింతలు కాలేదు.

*

ఇప్పుడు ఆసిఫాబాద్ మండలంలో ఒక కుటుంబం సంగతి. రెండెకరాల పొలం, 44 క్వింటాళ్ల వడ్లు. కోడలు మహిళా సంఘంలో ఉంది. ఊళ్లో కొనుగోలు కేంద్రం నడిపేది ఆ సంఘమే. తేమ చూసే మిషన్ ఆమె చేతిలోనే ఉంటుంది. కల్లంలో రాశి పోసి కూర్చున్నది మామ.

తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. దాటితే మిల్లులో బియ్యం తగ్గుతాయి, నిల్వ ఉంటే ముక్కిపోతాయి. కోడలు గుప్పెడు గింజలు మిషన్‌లో పోసి చూసింది.

“మామా, పంతొమ్మిది ఉన్నది. ఇంకో రెండు పూటలు ఎండాలె.”

“మబ్బు చూసినవా బిడ్డా? రాత్రికి వానొస్తె రెండు పూటలు కాదు, రెండు వారాలైతది.”

“ఇయ్యాల నీయి తూకం ఏస్తె రేపు మిల్లుల నుంచి లారీ వాపసొస్తది. అప్పుడు ఊరోళ్లు నన్ను అడుగుతరు, నిన్ను కాదు.”

అదే సమయానికి వ్యాపారి మనిషి కల్లాల మధ్య తిరుగుతున్నాడు. తేమ చూడడట, ఇప్పుడే కాంటా పెడతాడట, క్వింటాకు 1,500. లెక్క కడితే 66,000. మద్దతు ధరకు 20,240 తక్కువ. ఆ యాసంగిలో వడ్లు కొంటారా లేదా అన్నదే ఏప్రిల్ దాకా తేలలేదు. అప్పటికే కోసేసిన వాళ్లలో కొందరు అలాంటి ధరకే ఇచ్చేశారు. మామ ఇవ్వలేదు. రాత్రంతా టార్పాలిన్ అంచుల మీద రాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. చినుకులు పడి వెళ్లిపోయాయి. మూడో రోజు కాంటా అయింది.

కాంటా అయితే అయిందిగానీ, తూకంలో మరో కోత ఉంది. బస్తాకు 40 కిలోలు. గోనె సంచి బరువు పోగా తాలు ఉందని, మట్టి ఉందని చాలాచోట్ల కిలోనో కిలోన్నరో అదనంగా జోకుతారు. 110 బస్తాలకు కిలోన్నర చొప్పున 165 కిలోలు. అంటే 3,234 రూపాయలు. ప్రకటించిన ధర మారదు. రైతు చేతికొచ్చే ధర మాత్రం ఇలా కల్లంలోనే అరుగుతుంది. వడ్లు బాగా తూర్పారబట్టి, తేమ చీటీ, తూకం చీటీ అక్కడికక్కడే రాయించుకుంటే ఆ అరుగుదలను అడిగే వీలుంటుంది. లారీ వెళ్లిపోయాక అడిగితే సమాధానం చెప్పేవాళ్లు ఉండరు.

*

రైతు వైపు కథ ఇక్కడితో అయిపోతుంది. డబ్బు బ్యాంకులో పడుతుంది. గింజ కథ మాత్రం ఇక్కడే మొదలవుతుంది.

ఆ వడ్లు మిల్లుకెళ్తాయి. అవి మిల్లరువి కావు, ప్రభుత్వానివి. మిల్లరు పని వాటిని మరాడించి, క్వింటా వడ్లకు 67 కిలోల చొప్పున బియ్యం భారత ఆహార సంస్థకు అప్పగించడం. బాయిల్డ్ బియ్యమైతే 68. అంటే కిలో బియ్యంలో వడ్ల ఖరీదే 29 రూపాయల 25 పైసలు. గోనె, హమాలీ, రవాణా, మర, వడ్డీ, గోదాము అద్దె ఇంకా మొదలే కాలేదు.

అసలు చిక్కు యాసంగి గింజలోనే ఉంది. ఈ పంట ఏప్రిల్, మే ఎండల్లో పండుతుంది. పగలు 40 డిగ్రీలు దాటిన వేడికి గింజ ఎండిపోతుంది, రాత్రి చల్లదనానికి మళ్లీ చెమ్మ పీలుస్తుంది. ఆ సాగుడూ ముడుచుకోవడంలో పొట్టు లోపల బియ్యపు గింజకు సన్నటి పగుళ్లు పడతాయి. పైకి వడ్లు బంగారంలా ఉంటాయి. మరలో వేస్తే నూకలవుతాయి.

ఎన్ని నూకలు? మామూలు పచ్చి బియ్యంలో నూక 25 శాతం దాకా ఒప్పుకుంటారు. క్వింటా యాసంగి వడ్లను పచ్చిగా ఆడిస్తే నిండు గింజ 40 కిలోలే వచ్చిందనుకోండి. మిగతా 27 కిలోలు నూకే. 40 కిలోల నిండు గింజకు నిబంధన ప్రకారం 13 కిలోల నూకే కలపొచ్చు. మొత్తం 53 కిలోలు. ఇవ్వాల్సింది 67. ఆ 14 కిలోల లోటు ఎవరు పూడ్చాలి? చేతిలో మిగిలిన 14 కిలోల నూకను కోళ్ల దాణాకో మద్యం తయారీకో తక్కువకు అమ్ముకోవాలి. నష్టమంతా ఆ తేడాలోనే ఉంది.

దీనికి కరీంనగర్, పెద్దపల్లి మిల్లులు ఏనాడో విరుగుడు కనిపెట్టుకున్నాయి. అదే బాయిల్డ్. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. ఆవిరికి లోపలి పిండి పదార్థం మెత్తబడి పగుళ్లను అతికేస్తుంది. గింజ విరగదు. కానీ ఆ బియ్యాన్ని తెలంగాణలో ఇళ్లలో వండుకోరు. తినేది ప్రధానంగా కేరళ, తమిళనాడు వంటి రాష్ట్రాలు. ఆ రాష్ట్రాల్లోనూ పంట పెరిగి, గోదాముల్లో బాయిల్డ్ నిల్వలు పేరుకునేసరికి కేంద్రం ఇక వద్దంది. 2021 అక్టోబరులో, ఇకపై బాయిల్డ్ ఇవ్వమని రాష్ట్రం నుంచి లేఖ తీసుకుంది. ఆ తర్వాత యాసంగి వడ్లు ఎవరు కొనాలన్న గొడవ మొదలైంది. 2022 ఏప్రిల్ 11న నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఢిల్లీలో దీక్షకు కూర్చున్నారు. మరునాడు హైదరాబాదులో, వడ్లన్నీ రాష్ట్రమే కొంటుందని ప్రకటించారు. ఆసిఫాబాద్ కల్లంలో మామకు దొరికిన 1,960 ఆ నిర్ణయం వల్ల దొరికిందే. నూక తాలూకు నష్టం మాయం కాలేదు. రైతు నెత్తి మీది నుంచి రాష్ట్ర ఖజానా మీదికి మారిందంతే.

*

కొనడానికి మద్దతు ధర ఉన్నట్టు, అమ్మడానికి ఏ ధరా లేదు. ఇటీవలి ఏళ్లలో కిలో బియ్యం సేకరించి, దాచి, రేషన్ దుకాణం దాకా చేర్చడానికి ఆహార సంస్థకయ్యే ఖర్చు 40 రూపాయల దరిదాపులకు వచ్చింది. తెలంగాణలో ఆ బియ్యం చాలాకాలం కిలో రూపాయికి పంచారు. 2023 జనవరి నుంచి ఆహార భద్రతా చట్టం కింద ఉచితం. పేదవాడి అన్నం కోసం పెట్టే ఖర్చు అది, దాన్ని నష్టమనలేం. అయితే పంచగా మిగిలినదాని మాటేమిటి? జూలై 1 నాటికి కేంద్రం దగ్గర ఉండాల్సిన బియ్యం 135 లక్షల టన్నులు. 2025లో దానికి రెండింతలకు మించి ఉంది. గోదాములు ఖాళీ చేయాలి కాబట్టి 2025 జనవరిలో ఇథనాల్ కంపెనీలకు కిలో 28 రూపాయలున్న బియ్యాన్ని 22 రూపాయల 50 పైసలకు తగ్గించింది. నలభై పెట్టి కూడబెట్టిన గింజ సగం ధరకు పెట్రోలులో కలిసే ఇంధనమైంది.

అలాగని మద్దతు ధర ఎత్తేస్తే? ఆ రాత్రి వ్యాపారి చెప్పిన 1,500 కాస్తా 1,200 అయ్యేది. పక్కన కొనుగోలు కేంద్రం ఉందన్న భయమే వ్యాపారి ధరకు కూడా అడుగున ఆసరా. కాబట్టి ధర ఉండటం తప్పు కాదు. ఒకే పంటకు నికరంగా ఉండి, మిగతావాటికి కాగితం మీద ఉండటమే చిక్కు.

ఈ మధ్య కొంత మార్పు వచ్చింది. 2024 వానాకాలం నుంచి రాష్ట్రం సన్న వడ్లకు క్వింటాకు 500 బోనస్ ఇస్తోంది. 2025 ఏప్రిల్ నుంచి ఆ సన్న బియ్యాన్నే రేషన్‌లో పోస్తోంది. దొడ్డు బియ్యం తెచ్చి మళ్లీ దళారికే అమ్ముకునే ఇళ్లు ఇప్పుడు వండుకుంటున్నాయి. కొన్నది తినేదైతే సగం బరువు దిగినట్టే. ఉమ్మడి ఆదిలాబాద్‌లో మార్క్‌ఫెడ్ జొన్నలు కూడా మద్దతు ధరకు కొంటోంది.

కోడలు ఈ సంగతి చెప్పి, మళ్లీ అరెకరం జొన్న వేద్దామంది. మామ వెంటనే సరే అనలేదు. ఒకే ఒక మాట అడిగాడు.

“ఈ ఏడు కొంటున్నరు సరే. వచ్చే ఏడు కూడా కొంటరా బిడ్డా?”

మద్దతు ధరలో అంకె ఎంతున్నా, విత్తనం ఏది కొనాలో తేల్చేది ఆ ప్రశ్నకు దొరికే జవాబే.