ఒక్కసారి విని రాయడం

ధ్వనిశాస్త్రం చదువుతున్న మేం నలుగురం రోజూ రాత్రి అన్నాలయ్యాక అర్థంలేని మాటలు పది విని రాస్తాం. అర్థం తెలిసిన మాటైతే చెవితో పనుండదు, అలవాటైన స్పెల్లింగే చేతికొచ్చేస్తుంది. ఒకరు నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని ఒక్కసారే చదువుతారు. మిగతావాళ్లం వెంటనే రాయాలి. "మళ్లీ చెప్పు" అనకూడదు.

పోయిన వారం ఒక మాట [moʔna]. మధ్యలో ఉన్నది మన సవరలో వినబడే గొంతు బిగింపే. గాలి గొంతులో క్షణం ఆగుతుంది. ముగ్గురమూ "మొన్న" అని రాశాం! తెలుగు బడిలో పెరిగిన చెవి తనకు తెలిసిన ఒత్తు పెట్టేసింది.

గొంతు మీద వేలు పెట్టి రెండూ పలికి చూశాం. "మొన్న"లో అదురు ఆగదు, ముక్కులో సాగుతూనే ఉంటుంది. రెండోదానిలో అదురు తెగి చిన్న నిశ్శబ్దం వస్తుంది. గబగబా పలికితే ఆ నిశ్శబ్దమూ ఉండదు, గొంతు గరగరమంటుందంతే. అప్పుడే ఎక్కువ తప్పుతున్నాం.

తెలుగు మాటకి అంత దగ్గరగా ఉన్నదాన్ని జాబితాలో పెట్టడం కూడా మా తప్పే. మర్నాడు [ŋiʔmo] పెట్టాం, ఇద్దరికి వచ్చింది. ఇప్పుడు మార్కులు వెయ్యడం లేదు. ఏ ధ్వనిని ఏమని రాశామో నోటు చేసుకుంటున్నాం.

ఊళ్లో అవ్వ కథ చెప్తుంటే ప్రతి మాటకీ ఆపలేం. అక్కడ లేని ఒత్తు పెడితే, కాగితం మీద ఆవిడ మాట ఉండదు, మనదే ఉంటుంది.