బిన్ను నిండలేదు, సున్నా వచ్చింది



డిప్లొమా ఫైనలియర్‌లో నేనూ మా రూమ్మేట్లు ఇద్దరూ కలిసి స్మార్ట్ డస్ట్‌బిన్ చేశాం. ల్యాబ్‌లో బాగానే పనిచేసింది, మార్కులూ పడ్డాయి. ఆ ఊపులో దాన్ని మేముండే హాస్టల్ మెస్ వెనకాల నిజం బిన్నుకు బిగించాం. అక్కడ నేను రాసిన ఒక్క లైను వల్ల చెత్త ఎత్తే అక్క మాట పడింది. అదేంటో చెప్తా.

మూత లోపలివైపు హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సర్ కిందికి చూస్తూ ఉంటుంది. అది మన చెవికి వినపడని శబ్దం వదులుతుంది. చెత్తకు తగిలి శబ్దం తిరిగొచ్చిన టైమును నోడ్‌ఎంసీయూ బోర్డు కొలుస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి టైమును దాంతో గుణించి సగం చేస్తే దూరం. మా బిన్ను ఖాళీగా ఉంటే అడుగుకు 85 సెం.మీ. చెత్త మూతకు 15 సెం.మీ. దగ్గరికొస్తే నిండినట్టు. అంటే 50 సెం.మీ. చూపిస్తే సగం నిండింది. ఆ శాతం వైఫై మీద వార్డెన్ సార్ ఫోనుకు పోతుంది.

రెండో రోజే పొద్దున పదింటికి "100%" అని మెసేజ్. సార్ అక్కను పిలిచి, "నిండి పొర్లుతుంటే ఏం చేస్తున్నవ్?" అని గట్టిగా అడిగారు. అక్క ఆయన్ని తీసుకుపోయి మూత తీసి చూపించింది. పావు వంతు కూడా లేదు. నా వైపు తిరిగి, "తమ్మీ, నీ డబ్బా అబద్ధం ఆడుతుంది, తిట్లు నాకు పడుతున్నయి" అన్నది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ల్యాప్‌టాప్ కలిపి సీరియల్ మానిటర్‌లో శాతం కాకుండా ఉత్త దూరం చూశా. 64, 63, 0, 0, 64 అని వస్తోంది. ల్యాబ్‌లో మేం లోపల అట్టముక్క చదునుగా పెట్టి టెస్ట్ చేశాం, శబ్దం నేరుగా తిరిగొచ్చేది. మెస్ బిన్నులో విస్తరాకులు ఏటవాలుగా పడతాయి, శబ్దం పక్కకు పోతుంది. మెత్తటి గుడ్డలు, దూది లాంటివైతే శబ్దాన్ని మింగేస్తాయి. తిరిగి రాకపోతే `pulseIn` గడువు దాకా చూసి 0 ఇస్తుంది. సున్నా దూరం అంటే లెక్కలో 121 శాతం. అది చూడ్డానికి బాగోలేదని నేనే `constrain` పెట్టి 100 దగ్గర ఆపేశా. అంటే "నాకు వినపడలేదు" అన్న సంగతిని "నిండింది" అని మార్చింది సెన్సర్ కాదు, నేను.

దిద్దింది ఇంతే:

```
long t = pulseIn(ECHO, HIGH, 30000);
if (t == 0) return -1;
return t * 0.0343 / 2;
```

ఒక్కసారి కాకుండా ఐదుసార్లు కొలిచి, -1లు తీసేసి, మిగిలినవాటిని వరసలో పెట్టి నడిమిది తీసుకుంటున్నా. మూడు కంటే తక్కువ మిగిలితే ఫోన్‌లో శాతం రాదు, "తెలియదు" అని వస్తుంది. మూత తెరిచి ఉన్నప్పుడు 85 కంటే ఎక్కువ దూరం వస్తుంది కదా, అప్పుడూ అదే మాట.

తర్వాత ఇంకో తంటా. వేడి గంజి, అన్నం పడేసరికి ఆవిరి సెన్సర్ జాలీ మీద నీళ్లుగా పేరుకుంది. నీళ్లు తగిలినా పాడవని జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ కొన్నాం. అది మొండిది, కానీ 20, 25 సెం.మీ. లోపల ఉన్నదాన్ని సరిగా కొలవలేదు. మా నిండు గీతేమో 15 దగ్గర! గీతను 30కి దించాల్సి వచ్చింది. బిన్ను పైభాగం కొంత ఖాళీగానే ఉన్నా ఇప్పుడు 100% చూపిస్తుంది. ఆ సంగతి సార్‌కీ అక్కకీ ముందే చెప్పా. బ్యాటరీ కూడా వైఫై ఎప్పుడూ ఆన్‌లో ఉంటే రోజున్నరకు మించి రాలేదు. అరగంటకోసారి లేచి కొలిచి మళ్లీ పడుకునేలా డీప్ స్లీప్ పెట్టాం. D0 పిన్నును RSTకి కలపకపోతే అది పడుకుంటుంది గానీ లేవదు, అక్కడ ఒక రోజు పోయింది.

ఒకటి మాత్రం ఏ కోడుతోనూ పోలేదు. అక్క అన్నది: "సగమే ఉన్నా ఎండకు పప్పు పులిసి కంపు కొడతది. నేను రోజూ ఎత్తాల్సిందే గదా, మరి నీ శాతం నాకెందుకు?" నిజమే. తడి చెత్తకు నిండడంతో పని లేదు. అందుకే దాన్ని అక్కడ తీసేసి గేటు బయట కాగితాలు, సీసాల బిన్నుకు పెట్టాం. అది ఒక్కోసారి మూడు రోజులైనా నిండదు, చూడ్డానికి ఊరికే అంత దూరం నడవాలి. మెసేజ్ ఇప్పుడు సార్‌కి కాదు, ముందు అక్క ఫోనుకే పోతుంది. పోయిన వారం రెండుసార్లు "తెలియదు" వచ్చింది. అక్క పోయి చూస్తే ఒకసారి మూత తెరిచి ఉంది, ఇంకోసారి ఎవరో పాత దిండు కుక్కారు.