అమ్మ గ్రైండరు - ఆరంకెల పిన్‌కోడు

రుబ్బురోలు పొత్రం తిప్పలేక అమ్మ చేతులు నెప్పి పుడుతున్నాయని, మొన్న పండక్కి టేబుల్ టాప్ గ్రైండర్ కొనిస్తానన్నాను. అమ్మ ఒప్పుకుంది గానీ ఒక షరతు పెట్టింది. "డబ్బులు నేనే ఇస్తాను. వస్తువు గుమ్మంలోకి వచ్చాకే ఇస్తాను."

అమ్మది రంపచోడవరం దగ్గర చిన్న పల్లె. ఫోన్‌లో గ్రైండర్ ఎంచుకుని ఆ ఊరి పిన్‌కోడు కొట్టాను. డెలివరీ ఉందని వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. తీరా డబ్బు కట్టే చోటికి వచ్చేసరికి క్యాష్ ఆన్ డెలివరీ లేదంది!

తప్పెక్కడుందో చూద్దామని ఒక్కోటీ మార్చి చూశాను. అదే గ్రైండర్‌కి హైదరాబాదులో మా ఇంటి అడ్రసు పెడితే క్యాష్ ఆన్ డెలివరీ వచ్చింది. అంటే అమ్మేవాళ్ళకీ, నా ఖాతాకీ ఇబ్బంది లేదు. ఈసారి అమ్మ అడ్రసుకే మూడొందల టీ ఫిల్టర్ పెట్టి చూశాను. దానికీ లేదు. అంటే ధర ఎక్కువని కాదు, పిన్‌కోడే కారణం.

కొరియర్ వాళ్ళకి ఫోన్ చేస్తే అసలు సంగతి తెలిసింది. ఒక పిన్‌కోడుకి సామాను చేర్చడం వేరు, అక్కడ డబ్బు వసూలు చేయడం వేరట. రెండింటికీ వేర్వేరు జాబితాలుంటాయి. దూరపు పల్లెల్లో కుర్రాడు నగదు పట్టుకుని తిరగాలి, దాన్ని మళ్ళీ ఆఫీసులో జమచేయాలి. పైగా ఎవరైనా పార్శిల్ వద్దంటే రానూపోనూ ఖర్చు దండగ. డబ్బు ముందే కట్టినవాళ్ళు వద్దనడం తక్కువ కదా! కొన్నిచోట్ల పిన్‌కోడుతో గొడవ లేకపోయినా, ఖరీదు ఎక్కువైతేనో, మనం ఇంతకుముందు పార్శిళ్ళు చాలాసార్లు తిప్పి పంపితేనో కూడా ఆపేస్తారట.

"పోనీ రాజమండ్రి పిన్‌కోడు వేసి, మా ఊరి పేరు రాసెయ్యవే" అంది అమ్మ. ఆ పని మాత్రం చేయకండి. పిన్‌కోడులో మొదటి మూడంకెలు ఏ జిల్లా వైపు పంపాలో, చివరి మూడూ ఏ పోస్టాఫీసో చెబుతాయి. పార్శిల్ ఆ అంకెల్ని బట్టే వెళుతుంది. రాజమండ్రి దాకా పోయి, అక్కడ ఆ ఊరు లేదని వెనక్కి వచ్చేస్తుంది.

చివరికి రాజమండ్రిలో ఉన్న తమ్ముడి ఇంటి అడ్రసే, వాడి ఫోన్ నంబరుతో సహా పూర్తిగా ఇచ్చాను. అక్కడికి క్యాష్ ఆన్ డెలివరీ ఉంది. ఆదివారం వాడు గ్రైండర్ తీసుకుని బస్సెక్కాడు. అమ్మ దాన్ని గుమ్మంలోనే విప్పించి, ఒకసారి తిప్పించి చూసి, అప్పుడు కొంగుముడి విప్పి వాడి చేతిలో డబ్బులు పెట్టిందట.

అమ్మ షరతు అమ్మ నెగ్గించుకుంది!