మన అంగన్‌వాడీ టీచరమ్మకు, ఆయమ్మకు దండం

అన్నలారా, నిన్న మన ఊళ్లో హెల్త్ క్యాంపు అయింది. ఏ పిల్లను ముందు చూడాలో డాక్టరమ్మకు చూపించింది టీచరమ్మ రాసిన తూకాల రిజిస్టరే.

మా చేలో పత్తి ఏరే చెల్లె బిడ్డకు ఏడాదిన్నర. మన కంటికి బాగానే ఉంది. కానీ రెండు నెలలుగా బరువు పెరగలేదు. జబ్బకు టేపు చుడితే 12 సెంటీమీటర్లే, పసుపు రంగులో ఆగింది. పన్నెండున్నర వస్తేనే ఆకుపచ్చ.

మనం చేలకు పోయేసరికి ఆయమ్మ గది ఊడ్చి పొయ్యి వెలిగిస్తది. టీచరమ్మ ఇంటింటికీ తిరిగి పిల్లలను తోలుకొస్తది. గర్భిణులను అక్కడే కూర్చోబెట్టి అన్నం, పప్పు, గుడ్డు, పాలు పెడతది. ఇంటికి పంపితే ఆ గుడ్డు ఇంకొకరి కంచంలోకి పోతదని ఆమెకు తెలుసు.

ఇద్దరికీ దండం. అన్నలారా, తూకం రోజు మాత్రం పిల్లలను చేనుకు తీసుకుపోకండి.